ముందు కొలత, ఆ తర్వాతే మందు

నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఎంబీఏ చదివే మన పిల్లలకు ఒక అసైన్‌మెంట్ తరచూ ఎదురవుతుంది: ఏదైనా ఒక పనితీరును లీన్, సిక్స్ సిగ్మా పద్ధతుల్లో మెరుగుపరచి చూపండి, అని. చాలామంది మొదటి రోజే టైటిల్ రాసేస్తారు, ‘ఇన్వాయిస్ ప్రాసెసింగ్‌లో ఆటోమేషన్’ అని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సమస్య ఏమిటో తేలకుండానే సాఫ్ట్‌వేర్ కొనేశారు! మార్కులు పోయేది అక్కడే.

ఈ రెండు విద్యలూ నేర్చుకోవడానికి గురుగ్రామ్‌ను మించిన ఊరు అరుదు. 1983 డిసెంబరులో అక్కడి ఫ్యాక్టరీ నుంచి మొదటి మారుతి కారు బయటికొచ్చింది. దానితోపాటే సుజుకి ద్వారా, లీన్‌కు మూలమైన జపాన్ తయారీ పద్ధతులూ వచ్చాయి. 1986లో మోటరోలా ఇంజినీరు బిల్ స్మిత్ మొదలుపెట్టిన సిక్స్ సిగ్మాను 1995లో జాక్ వెల్చ్ జీఈ కంపెనీ అంతటా పాకించాడు. 1997లో అదే జీఈ గురుగ్రామ్‌లో పెట్టిన బ్యాక్ ఆఫీసు తర్వాత విడిపోయి, 2005లో జెన్‌పాక్ట్ అయింది. ఫ్యాక్టరీల కోసం పుట్టిన లెక్కలు బిల్లులకూ క్లెయిములకూ పనికొస్తాయని ఇలాంటి ఆఫీసులే చూపించాయి. కాబట్టి మీ అసైన్‌మెంట్‌కు బిల్లుల పనే తీసుకోండి.

ఇదొక ఊహా లెక్క. గురుగ్రామ్‌లోని ఒక కంపెనీకి నెలకు 1,000 ఇన్వాయిస్‌లు వస్తాయి. సరుకు మనేసర్ గోదాములో దిగుతుంది. పర్చేజ్ ఆర్డర్, గోదాము ఎంట్రీ చేసిన గూడ్స్ రిసీట్, సప్లయర్ పంపిన ఇన్వాయిస్, ఈ మూడూ కలిస్తేనే డబ్బు కదులుతుంది. కలవకపోతే బిల్లు హోల్డ్‌లో పడుతుంది. నెలకు 120 అలా ఆగుతున్నాయి.

సిక్స్ సిగ్మా ఐదు మెట్లలో మొదటిది డిఫైన్. ‘చెల్లింపులు ఆలస్యమవుతున్నాయి’ అనేది సమస్య కాదు, ఫిర్యాదు. ‘గత మూడు నెలల్లో ఇన్వాయిస్‌లలో 12 శాతం హోల్డ్‌లో పడ్డాయి, దాన్ని 6 శాతానికి తేవాలి’ అంటే అది సమస్య. అందులో కారణమూ ఉండకూడదు, మందూ ఉండకూడదు. ఎందుకు పట్టించుకోవాలో మాత్రం రాయండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ ఒక్క వాక్యంతో మీ ప్రాజెక్టు ఫైనాన్స్ హెడ్ చదివే కాగితం అవుతుంది.

రెండోది మెజర్. ఎక్కువ రోజులు గడపాల్సింది ఇక్కడే. బిల్లుకు ఎన్ని రోజులు పడుతోందో చెప్పాలంటే, గడియారం ఎప్పుడు మొదలైనట్టు? సప్లయర్ మెయిల్ పంపినప్పుడా, గుమాస్తా దాన్ని సిస్టంలో ఎక్కించినప్పుడా? రెండోదే లెక్క అంటే, మెయిల్ పెట్టెలో నాలుగు రోజులు పడున్న బిల్లు కూడా రిపోర్టులో ‘ఒక్కరోజులో పూర్తి’. ఈ కిటుకు తెలియని ఆఫీసు ఉండదు. ఇంకొక పరీక్ష చేయండి. ఆగిన 30 బిల్లులను ఇద్దరు గుమాస్తాలకు విడివిడిగా ఇచ్చి, ఏ కారణంతో ఆగాయో రాయమనండి. ఎనిమిదింటిలో జవాబులు కలవకపోతే, మీ చార్టులన్నీ ఇసుక మీద కట్టినవే. ముందు ఆ కారణాలకు నిర్వచనాలు సరిచేసి, మళ్లీ కొలవండి.

సిగ్మా స్థాయి దగ్గర ఒక హెచ్చరిక. సిక్స్ సిగ్మా అంటే పది లక్షల అవకాశాల్లో 3.4 లోపాలు అని అందరూ వల్లె వేస్తారు. అవకాశం అంటే ఏమిటో ఎవరూ అడగరు. మన లెక్కలో బిల్లుకు ఒక్క అవకాశం అనుకుంటే 1,000కి 120 లోపాలు, అంటే పది లక్షలకు 1,20,000. వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం స్థాయి సుమారు 2.7. అదే బిల్లులో తప్పుకు పది చోట్లున్నాయని రాస్తే లోపాలు 12,000కు పడి, స్థాయి దాదాపు 3.8కి ఎక్కుతుంది. ఆగిన బిల్లులు మాత్రం ఆ 120 అలాగే ఉన్నాయి! అందుకే నా సలహా, సిగ్మా అంకెను ఒక మూల రాసి, ‘12 శాతం’ అన్నదాన్నే పెద్దక్షరాల్లో పెట్టండి.

మూడోది అనలైజ్. 120లో 66 బిల్లులు గూడ్స్ రిసీట్ ఎంట్రీ లేకే ఆగాయని తేలింది అనుకుందాం. సగానికి పైగా ఒక్క కారణమే. గోదాము మేనేజర్‌ని అడిగితే ‘మనుషులు చాలడం లేదు’ అంటారు. స్టోర్‌కీపర్‌ని అడిగితే, వారమంతా చీటీలు పోగేసి శనివారం సాయంత్రం ఒక్కసారే సిస్టంలో ఎక్కిస్తామంటాడు. గేటు దగ్గర కంప్యూటర్ లేదు మరి. ఎవరి మాట నిజం? మాటలతో తేల్చకండి. మనుషుల కొరతే కారణమైతే ఏ రోజు దిగిన సరుకైనా ఇంచుమించు ఒకేలా ఆగాలి. శనివారపు అలవాటే కారణమైతే సోమవారం దిగిన లారీల బిల్లులు అన్నిటికన్నా ఎక్కువ రోజులు, శనివారం దిగినవి అతి తక్కువ ఆగాలి. సరుకు దిగిన రోజును బట్టి బిల్లులను విడదీయండి. జవాబు డేటాయే చెబుతుంది. ఫిష్‌బోన్ బొమ్మ అనుమానాల పట్టిక మాత్రమే. అది గీసి ‘కారణం తేలింది’ అని రాస్తే మార్కులు వేయడం కష్టం.

ఇక్కడే లీన్ కంటికి కనిపిస్తుంది. బిల్లు మీద మనిషి చేయి పడేది నిమిషాలే, మిగతాదంతా నిరీక్షణ. కంప్యూటర్ ముందు గుమాస్తాను తొందరపెడితే మిగిలేది ఆ నిమిషాల్లో కొన్ని.

ఇంప్రూవ్ మెట్టు ఇప్పుడు సులువు. గేటు దగ్గరే ఒక కంప్యూటర్, లారీ దిగిన రోజే ఎంట్రీ. అయితే గోదాముకు రెండు గేట్లుంటే ఒక్క గేటులోనే నాలుగు వారాలు చేసి చూడండి, రెండోది పాత పద్ధతిలోనే ఉంచండి. దీపావళి ముందు లారీలు పెరిగితే రెండు గేట్లకూ పెరుగుతాయి. తేడా మీ మార్పుదా, సీజనుదా అన్న ప్రశ్నకు అప్పుడు మీ దగ్గర జవాబుంటుంది.

చివరిది కంట్రోల్. దీన్ని ఒక్క స్లైడుతో దులిపేసుకుంటారు. హోల్డ్ 6 శాతానికి దిగిందనుకోండి. వారానికి 250 బిల్లులైతే సగటున 15 ఆగుతాయి. కంట్రోల్ చార్టు గీస్తే ఎగువ గీత దాదాపు 10.5 శాతం, అంటే 26 బిల్లులు. ఒక వారం 20 ఆగాయని స్టోర్‌కీపర్‌ని కేకలేయకండి, అది మామూలు ఊగిసలాటే. 27 అయితే మాత్రం ఆ రోజే గేటు దగ్గరికి వెళ్లాలి. ఎవరు వెళ్లాలి? సోమవారం పొద్దున చార్టు చూసే మనిషి ఏ హోదాలో ఉన్నారో, గీత దాటితే ఏం చేయాలో కాగితం మీద ఉండాలి. లేకపోతే మీ ఇంటర్న్‌షిప్ అయిపోయిన కొన్నాళ్లకే చీటీలు మళ్లీ శనివారం దాకా పోగవుతాయి.

అసైన్‌మెంట్ రాయడానికి కూర్చునే ముందు ఒక సోమవారం మనేసర్ లాంటి చోటికి వెళ్లి, లారీ దిగిన దగ్గర్నుంచి చీటీ ఎక్కడ ఆగుతుందో దాని వెంటే నడిచి చూడండి. టైటిల్ ఆ తర్వాత రాయండి.