ఎండు మిర్చి ఉమ్మడి కొనుగోలు: వాటాల లెక్క

గార్లలో కారం పట్టి అమ్ముకునే చిన్న యూనిట్ పెట్టాలనుకునే యువతకు మొదటి ఖర్చు మర కాదు, మిర్చి. ఖమ్మం మార్కెట్‌కు తేజ రకం కాయ ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వస్తుంది. నెలకో బస్తా చిల్లరగా కొనేవారికి ఆ సీజన్ ధర దక్కదు. అందుకే నలుగురైదుగురు కలిసి ఒకేసారి కొనడం మేలు.

ఐదుగురు కలిసి 40 కిలోల బస్తాలు 50 కొన్నారనుకుందాం. వారి వాటాలు వరుసగా 20, 15, 8, 4, 3 బస్తాలు. కిలో ధర 190 రూపాయలు, రవాణా, హమాలీ కలిపి మరో 4. చిల్లర ధర 210 అయితే కిలోకు 16 రూపాయలు మిగులుతాయి.

కొనేముందు ప్రతి లాట్‌నుంచీ గుప్పెడు కాయ తీసి ఊపాలి. ఎండిన కాయలో గింజ గలగలలాడుతుంది. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే, అది నిల్వలో బూజు పడుతుంది. తాలు కాయ ఎంతుందో కూడా అక్కడే చూడాలి. సరుకు ఉమ్మడి గోదాముకు చేరాక మంచి బస్తాలు ముందు వచ్చినవారు ఎత్తుకుపోకుండా చీటీ వేసి పంచుకోవాలి. ప్రతి బస్తాపై పేరు, తూకం రాయాలి. తేమ 12 శాతం నుంచి 10 శాతానికి దిగితే క్వింటాలుకు రెండు కిలోలకు పైగా తరుగు వస్తుంది. ఇది తెలియకపోతే గోదాము తాళం ఎవరి దగ్గర ఉంటే అనుమానం వారి మీదికి పోతుంది.

గోదాము అద్దె తలా సమానంగా వేయడమే ఎక్కువ తగాదాలకు మూలం. నెలకు 2,000 చొప్పున నాలుగు నెలలకు 8,000 అయితే మూడు బస్తాల వ్యక్తి కూడా 1,600 కట్టాలి. ఎన్ని బస్తాలు ఎన్ని నెలలు ఉన్నాయో గుణించి చూడడం న్యాయం. 20 బస్తాలు నాలుగు నెలలు, 15 రెండు నెలలు, 8 నాలుగు, 4 మూడు, 3 రెండు నెలలు ఉంటే మొత్తం 160. ఒక బస్తాకు నెలకు 50 రూపాయలు పడుతుంది. అప్పుడు వాటాలు 4,000, 1,500, 1,600, 600, 300. కోల్డ్ స్టోరేజీలో బస్తాకు సీజన్ మొత్తానికి అద్దె తీసుకుంటే ఈ లెక్క అక్కర్లేదు, బస్తాల సంఖ్య చాలు.

డబ్బు సంగతి ఇంకా సున్నితం. మార్కెట్‌కు వెళ్లేముందే వాటా మొత్తం చేరాలి. డబ్బు చేరని వాటాకు బస్తా కొనకూడదు. ఒకరి బదులు మరొకరు కట్టడం మొదలైతే అది కొనుగోలు బృందం కాదు, అప్పుల బృందం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంటే, నాలుగు నెలల సరుకు సగటున రెండు నెలలు ఉంటుంది కాబట్టి కిలోకు సుమారు 8 రూపాయలు వడ్డీకే పోతాయి. కిలోకు పడే అద్దె 4 కూడా తీసేస్తే పదహారులో మిగిలేది నాలుగే. ధర పడిపోతే అదీ ఉండదు. అప్పు చేసేవారు రెండు నెలల సరుకుకు మించి కొనకపోవడం మంచిది.

బిల్లు ఎవరి వాటాకు వారి పేరుననే రాయించుకోవాలి. ఒకరి పేరున మొత్తం కొని పంచితే అది తిరిగి అమ్మినట్టు లెక్కకొచ్చి జీఎస్టీ చిక్కులు రావచ్చు. సభ్యులు పదిమంది దాటి ఏటా ఇలాగే కొనాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకుని, సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరుచుకోవచ్చు.