దుకాణం నుంచి వచ్చే వాట్సాప్ కబురు

నల్లగొండ గడియారం సెంటరు పక్క సందులో ఒక చిన్న చీరల దుకాణం ఉందనుకుందాం. బతుకమ్మ పండుగ దగ్గర పడగానే దుకాణదారు తన ఫోనులో ఉన్న 200 మందిని ఒకే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో చేర్చి ఈ సందేశం పంపినాడు:

“శుభోదయం! పండుగ సందర్భంగా బంపర్ ఆఫర్!!! అన్ని రకాల చీరలపై భారీ తగ్గింపు! త్వరపడండి! వివరాలకు ఈ లింకు నొక్కండి. పది మందికి పంపండి.”

దీన్ని చదివినవారు మోసగాళ్ళ సందేశమనుకుంటే తప్పు వారిది కాదు. పంపిందెవరో ఇందులో లేదు. తెలియని లింకూ, తొందరపెట్టడమూ, పది మందికి పంపమనడమూ దొంగ సందేశాల గుర్తులే. పైగా తెరవకముందు ఫోనులో కనిపించేవి మొదటి కొన్ని మాటలే. వాటిని “శుభోదయం” మింగేసింది. విసిగినవారు ఆ నెంబరును బ్లాక్ చేస్తారు, రిపోర్టు కూడా చేస్తారు. రిపోర్టులు పెరిగితే వాట్సాప్ ఆ నెంబరునే నిలిపివేయవచ్చు. అప్పుడు రోజూ ఆర్డర్లు వచ్చే దారి కూడా మూసుకుపోతుంది.

మరి ఎట్లా మార్చాలి? బ్రాడ్‌కాస్ట్‌లో అందరికీ ఒకే పాఠం పోతుంది. ఎవరి పేరు వారికి దానంతటదే పడదు. కాబట్టి సొంతదనం పేరుతో కాదు, జాబితాతో రావాలి. బిల్లు పుస్తకం ముందు పెట్టుకొని, పోయిన దసరాకు పోచంపల్లి నూలు చీర కొన్న ఆడవారిని మాత్రమే వేరుగా తీస్తే 40 మంది తేలినారనుకుందాం. వారికి ఇట్లా రాయవచ్చు:

“అక్కా, నమస్తే. గడియారం సెంటర్ సందులోని చీరల దుకాణం నుంచి. పోయిన దసరాకు మీరు పోచంపల్లి నూలు చీర తీసుకున్నరు. అసొంటివే ఆరు కొత్త రంగులు వచ్చినయి, 1,600 నుంచి. ఫోటోలు కావాల్నంటే ‘ఫోటో’ అని పెట్టండి. ఇట్లాంటి కబుర్లు వద్దంటే ‘వద్దు’ అనండి, మళ్ళ పంపను.”

ఎవరు, ఎందుకు, ఏమిటి, ఎంత, ఏం చేయాలి: అన్నీ ఉన్నాయి. లింకు లేదు, అరుపు లేదు. జవాబు దుకాణదారు ఒక్కడికే చేరుతుంది, మిగతావారికి కనిపించదు. ‘వద్దు’ అన్నవారిని ఆనాడే జాబితా నుంచి తీసేయాలి. లేకుంటే ఆ మాట అబద్ధమవుతుంది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు. దుకాణం నెంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. పంపినదాన్ని నొక్కిపట్టి సమాచారం చూస్తే ఎవరికి అందిందో, ఎవరు చదివినారో తెలుస్తుంది. రెండు రోజులైనా అందని పేర్లుంటే వారు నెంబరు దాచుకోలేదేమోనని అనుమానించాలి. మళ్ళీ మళ్ళీ పంపి లాభం లేదు. ఈసారి దుకాణానికి వచ్చినప్పుడు, బిల్లు రాస్తూ, “అక్కా, మా నెంబరు దాచుకుంటరా?” అని నోటితో అడగడమే దానికి మందు.