సూది డోసు పెరిగితే కడుపులో తిప్పుతోంది

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నాను. వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ సూది 0.25 నుంచి 0.5 మిల్లీగ్రాములకు పెంచాక కడుపులో తిప్పుతోంది. మానేయనా?

జవాబు: ఈపాటి దానికి మానక్కర్లేదండీ. తిండి తిన్నప్పుడు పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 హార్మోను చేసే పనే ఈ మందూ చేస్తుంది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను ఊరిస్తుంది, పొట్ట త్వరగా ఖాళీ కానివ్వదు, మెదడుకు ‘ఇక చాలు’ అని చెబుతుంది. వికారం ఈ చివరి రెంటివల్లే. మొదటి 4 వారాల చిన్న డోసు ఒంటికి అలవాటు చేయడానికే. అన్నం సగానికి తగ్గించి, వేపుళ్లు మాని, కడుపు నిండిందనిపించగానే చెయ్యి కడుక్కోండి. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

నన్ను ఆలోచింపజేస్తున్నది మీ పాత మాత్ర. చక్కెర తక్కువున్నా అది ఇన్సులిన్‌ను తోస్తూనే ఉంటుంది. ఇప్పుడు తిండి తగ్గింది కాబట్టి చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తగ్గితే వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. మాత్ర డోసు తగ్గించాలేమో ఈ వారమే డాక్టర్ని అడగండి.

నీళ్లు కూడా నిలవనంత వాంతులైతే కిడ్నీలు దెబ్బతినొచ్చు. పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి క్లోమం వాపు కావచ్చు. ఈ రెంటిలో ఏది వచ్చినా తర్వాతి సూది వేసుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి.