తెల్లారగానే చుట్ట: ప్యాచా, గమ్మా, లాజెంజా?

ప్రశ్న: మా అమ్మకు 60 ఏళ్లు. లేచిన పది నిమిషాల్లో అడ్డపొగ తాగుతుంది. కట్టుడు పళ్లు. ఏ నికోటిన్ మందు మేలు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఆ పది నిమిషాలే మోతాదు చెబుతాయమ్మా. లేచిన అరగంటలోపే పొగ కావాలంటే 4 మిల్లీగ్రాములు, ఆ తర్వాతైతే 2. గమ్ కట్టుడు పళ్లకు అంటుకుంటుంది, కాబట్టి లాజెంజే నయం. మొదటి ఆరు వారాలు గంటా రెండు గంటలకొకటి చొప్పున, నమలకుండా బుగ్గన పెట్టుకుని కరగనివ్వాలి. టీ తాగితే పావుగంట ఆగి వేసుకోవాలి, లేకపోతే నికోటిన్ సరిగా ఒంటబట్టదు. ఎక్కిళ్లు, గుండెమంట వస్తే రసం మింగేస్తున్నారన్నమాట. ప్యాచ్ రోజంతా నిదానంగా పనిచేస్తుంది గానీ పొద్దుటి యావకు వెంటనే అందదు; రెండూ కలిపి వాడాలా అన్నది డాక్టరు చెప్పాలి. అన్నిటికంటే ముందు అమ్మ అంగిలిని దంతవైద్యుడికి చూపించండి. నిప్పు నోట్లో పెట్టుకునే అడ్డపొగ వల్ల క్యాన్సర్ తరచుగా మొదలయ్యేది అక్కడే.