తలకు దెబ్బ తగిలింది, స్కాన్ నార్మల్ వచ్చింది... రేపు బడికి పంపొచ్చా?



ఎనిమిదో తరగతి అబ్బాయి మంగళవారం సాయంత్రం కబడ్డీ ఆడుతూ వెనక్కి పడ్డాడనుకుందాం. తల నేలకు కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. లేచి నిలబడ్డాడు కానీ స్కోరు ఎంతో చెప్పలేకపోయాడు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. తలనొప్పిగా ఉందన్నాడు. ఇది కంకషన్ అయి ఉండొచ్చు. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ మందిలో స్పృహ తప్పదు. "నాకేం కాలేదు" అని పిల్లవాడు అన్నా సరే, ఆ రోజు మళ్లీ ఆడనివ్వకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి.

మెదడులో ఏం జరుగుతుంది?

తల ఒక్కసారిగా కదిలి ఆగినప్పుడు పుర్రె లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. నాడీకణాల సన్నని పోగులు సాగుతాయి. కణం లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి వస్తుంది, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి చేరుతుంది. వీటిని మళ్లీ యథాస్థానానికి చేర్చడానికి కణాలు చాలా శక్తి ఖర్చు చేయాలి, దానికి గ్లూకోజ్ కావాలి. సరిగ్గా అదే సమయంలో మెదడుకు రక్తసరఫరా తగ్గుతుంది. ఇంట్లో ఖర్చు పెరిగిన నెలలోనే జీతం తగ్గినట్టన్న మాట. అందుకే నాలుగు లెక్కలు చేసేసరికి తలనొప్పి పెరుగుతుంది, వెలుతురు, శబ్దం భరించలేకపోతారు, ఊరికే చిరాకు పడతారు.

సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం కనిపిస్తాయి. ఈ శక్తి లోటు కనిపించదు. కాబట్టి స్కాన్ నార్మల్ అంటే కంకషన్ లేదని అర్థం కాదు. స్కాన్ అందరికీ అవసరం ఉండదు కూడా. పరీక్షించి డాక్టరే నిర్ణయిస్తారు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

అరుదుగా పుర్రె లోపల రక్తం మెల్లగా చేరుతుంది. అలాంటప్పుడు బిడ్డ కొన్ని గంటలు బాగానే కనిపించి, తర్వాత దిగజారవచ్చు. అందుకే మొదటి రెండు రోజులు ఎవరో ఒక పెద్దవాళ్లు దగ్గరే ఉండాలి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి:

- తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు
- ఫిట్స్ రావడం, స్పృహ తప్పడం
- మత్తుగా ఉండడం, లేపినా సరిగా లేవకపోవడం
- మాట తడబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, అయోమయం పెరగడం
- చెయ్యి లేదా కాలు బలహీనపడడం, తిమ్మిరెక్కడం
- ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దగా ఉండడం, వస్తువులు రెండుగా కనిపించడం
- ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీళ్లలాంటి ద్రవం, రక్తం రావడం
- మెడ తీవ్రంగా నొప్పి పెట్టడం. ఇలా ఉంటే మెడ కదపకుండా పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి

తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని మన ఇళ్లలో పెద్దలు అంటుంటారు. డాక్టరు చూసి ఇంటికి పంపాక నిద్రపోనివ్వచ్చు, మెదడుకు నిద్ర అవసరం. రాత్రి లేపి చూడాలా, ఎన్నిసార్లు చూడాలా అన్నది డాక్టరునే అడగండి. నొప్పికి ఏ మాత్ర ఇవ్వాలో కూడా అడిగే ఇవ్వండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

ముందు చదువు, ఆ తర్వాత ఆట

మన అబ్బాయికి బుధ, గురువారాల్లో ఇంట్లోనే విశ్రాంతి. చీకటి గదిలో పడుకోబెట్టనక్కర్లేదు. కాసేపు నడవొచ్చు, మాట్లాడొచ్చు. ఫోను, టీవీ మాత్రం బాగా తగ్గించాలి. శుక్రవారం నుంచి పావుగంట చదివి, కాస్త ఆగి, మళ్లీ చదవొచ్చు. శనివారం వారాంతపు పరీక్ష ఉంటే వాయిదా వేయమని క్లాస్ టీచరుకు రాయండి. సోమవారం సగం రోజు బడి, ఓర్చుకోగలిగితే గురువారానికి పూర్తి రోజు. ఈ రోజులు అందరికీ ఒకేలా ఉండవు. చదివేటప్పుడు తలనొప్పి కాస్త పెరిగి గంటలోపే తగ్గితే భయం లేదు. అంతకన్నా ఎక్కువైతే ఆ రోజుకు ఆపి, మర్నాడు భారం తగ్గించండి.

నడక, నెమ్మదిగా సైకిల్ తొక్కడం మొదటి రెండు రోజుల తర్వాత మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత ఒంటరిగా పరుగు. బడిలో రోజంతా ఉన్నా, వ్యాయామం చేసినా ఏ ఇబ్బందీ లేనప్పుడే ఒకరినొకరు తాకని జట్టు సాధన, ఆపై డాక్టరు అనుమతితో పూర్తి సాధన, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇవ్వాలి. లక్షణాలు తిరిగొస్తే ఒక మెట్టు కిందికి దిగాలి.

ఈ తొందర ఎందుకు వద్దంటే, మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే లక్షణాలు చాలాకాలం వదలకపోవచ్చు. చాలా అరుదుగా మెదడు వాచి ప్రాణాపాయం కూడా రావచ్చు. ఎక్కువ మంది పిల్లలు 4 వారాల్లోపు కోలుకుంటారు. అప్పటికీ తలనొప్పి, ఏకాగ్రత లేకపోవడం, నిద్ర పట్టకపోవడం తగ్గకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి. బయట తగిలిన దెబ్బల సంగతి క్లాస్ టీచరుకు, పీఈటీకి ఇద్దరికీ చెప్పండి. అబ్బాయి పైకి మామూలుగానే కనిపిస్తాడు కాబట్టి, మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.