పక్క సీటు దగ్గర మొదలయ్యే జపనీస్

జపనీస్ క్లాసులో చేరిన వారం తిరక్కుండానే ‘వతషి వ ఫలానా దెస్’ అనడం అందరికీ వచ్చేస్తుంది. అద్దం ముందు నిలబడి చెప్పుకున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని, మనం అన్నదానికి తిరిగి ఏదో ఒకటి అన్నప్పుడే నోరు కట్టేసినట్టవుతుంది. దీనికి పరీక్ష కూడా కొంత కారణం. అందరూ రాసే జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం ఉంటాయి కానీ మాట్లాడటానికి ఒక్క మార్కు కూడా లేదు. మార్కు లేనిదాన్ని ఎవరు సాధన చేస్తారు? తీరా ఇంటర్వ్యూలో కూర్చోగానే అవతలివాళ్లు అడిగే మొదటి మాట ‘జికొషోకై ఒ ఒనెగై షిమస్’. అంటే, మీ పరిచయం చెప్పండి అని.

ఆ రోజుకి పనికొచ్చే సాధన ఒక చిన్న సంభాషణతో మొదలుపెట్టవచ్చు. సందర్భం ఇలా అనుకుందాం. ఏప్రిల్ నెల, టోక్యోలో ఒక భాషా పాఠశాల, కొత్త బ్యాచి మొదటి రోజు. గుంటూరు నుంచి వెళ్లిన పసుపులేటి కిరణ్, వియత్నాం నుంచి వచ్చిన లిన్ అనే అమ్మాయి పక్కపక్క సీట్లలో కూర్చోబోతున్నారు. ఇద్దరూ కల్పిత పాత్రలే.

కిరణ్: అనో, సుమిమసెన్. కొకొ, ఈ దెస్ క?
(ఏవండీ, ఇక్కడ కూర్చోవచ్చా?)

లిన్: హై, దోజొ.
(ఆ, కూర్చోండి.)

కిరణ్: హజిమెమష్తె. కిరన్ దెస్. ఇందొ కర కిమష్త. యొరొషికు ఒనెగై షిమస్.
(ఇదే మొదటిసారి కలవడం. కిరణ్‌ని. ఇండియా నుంచి వచ్చాను. కాస్త చూసుకోండి.)

లిన్: హజిమెమష్తె. రిన్ దెస్. బెతొనము కర కిమష్త. కొచిర కొసొ, యొరొషికు ఒనెగై షిమస్.
(లిన్‌ని. వియత్నాం నుంచి వచ్చాను. ఆ మాట నేననాలి.)

లిన్: కిరన్ సన్, ఇందొ నొ దొచిర దెస్ క?
(కిరణ్‌గారూ, ఇండియాలో ఎక్కడండీ?)

కిరణ్: మినమి ఇందొ నొ గుంతూరు దెస్.
(దక్షిణాదిలో గుంటూరండి.)

లిన్: గుంతూరు వ నని గ యూమే దెస్ క?
(గుంటూరు దేనికి పేరు?)

కిరణ్: తోగరషి గ యూమే దెస్.
(మిరపకాయలకు పేరు.)

లిన్: సో దెస్ క. వతషి మొ కరై మొనొ గ స్కి దెస్!
(అలాగా. నాకూ కారం ఇష్టమే!)

ఇద్దరూ కలిపి పదిసార్లు కూడా నోరు విప్పలేదు, కానీ మనవాళ్లు తడబడే చోట్లు దాదాపు అన్నీ ఇందులోనే ఉన్నాయి. మొదటి వాక్యమే చూడండి. ‘కొకొ’ అంటే ఇక్కడ. రెండు అక్షరాలకూ దీర్ఘమిచ్చి ‘కోకో’ అంటే హైస్కూలు. మా బ్యాచి మొదటి రోజున నేను పక్కావిడను ‘కోకో, ఈ దెస్ క?’ అని అడిగాను. ఆవిడ పాపం హైస్కూలు సంగతి ఎందుకొచ్చిందో తెలియక కాసేపు ఆలోచించి, నా చేతిలోని సంచీ చూసి అర్థం చేసుకుని కుర్చీ జరిపింది. ‘ఇఎ’ అంటే ఇల్లు, ‘ఈఎ’ అంటే కాదు. ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ. ఈ భాషలో దీర్ఘం తప్పితే మాటే మారిపోతుంది.

నిజానికి ఇది మనకు రాకూడని తప్పు. ఎ, ఏ, ఒ, ఓ అని నాలుగింటినీ విడివిడిగా రాసే లిపి మనది. దేవనాగరిలో మామూలుగా రాసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు, ఇంగ్లిష్ అక్షరాలు చూసి చదివేవాళ్లకు అసలే లేదు. అయినా వర్క్‌షీట్ మీద ఇంగ్లిష్ అక్షరాలతో రాసుకుని, వాటిని ఇంగ్లిష్‌లా చదివి, మన చెవి మనమే చెడగొట్టుకుంటున్నాం. హిరగన చేతికి అలవాటయ్యే మొదటి రెండు మూడు వారాలు తెలుగులోనే రాసుకోండి. ‘త్సు’ అనే శబ్దం చాలామందిని భయపెడుతుంది. ‘చుక్క’ అన్నప్పుడు మన నోట్లో వచ్చే ‘చు’కు అది చాలా దగ్గర. ‘దోజొ’లోని ‘జొ’ను ‘జోరు’లో జకారంలా పలికితే చాలు. ఇక ‘దెస్’, ‘కిమష్త’ల సంగతి. రాతలో అవి దెసు, కిమషిత. మాటలో ఆ ఉకారం, ఇకారం దాదాపు వినపడవు. అలాగే ‘గుంతూరు వ’లోని ‘వ’ను రాసేటప్పుడు ‘హ’ అక్షరం రాస్తారు, చదివేటప్పుడు ‘వ’ అంటారు. కాపీ రాసేటప్పుడు అందరూ ఒకసారి తప్పు చేసేది ఇక్కడే.

పేరు దగ్గర ఇంకో రెండు చిక్కులున్నాయి. జపనీస్‌లో లకారం వేరే లేదు, ఉన్నది రకారమే. అందుకే లిన్ తన పేరు తానే ‘రిన్’ అని చెబుతుంది, పసుపులేటి అక్కడ ‘పసుపురేతి’ అవుతుంది. మీ పేరు కతకనలో ఎలా పలుకుతుందో ముందే తేల్చుకుని అలాగే చెప్పండి. మన ఉచ్చారణ కోసం పట్టుబడితే అవతలివాళ్లు మూడుసార్లు అడుగుతారు. రెండో చిక్కు ఇంటిపేరు. జపాన్‌లో ఇంటిపేరే ముందు వస్తుంది. ఆ పద్ధతి మనకు కొత్త కాదు, పసుపులేటి కిరణ్ అనే కదా మనమూ రాసేది. తేడా పిలుపులో ఉంది. హాజరు పట్టీ చూసి టీచరు ‘పసుపురేతి సన్’ అని పిలుస్తారు. ఇంట్లో ఎప్పుడూ వినని పిలుపు కాబట్టి మనవాడు పలకడు. కిరణ్ అనే పిలిపించుకోవాలంటే ‘కిరన్ తొ యొందె కుదసై’ అని ఒక్క వాక్యం కలిపితే చాలు. వియత్నాం పిల్లలకు ఇది బాగా తెలుసు. ఒకే క్లాసులో నలుగురు గుయెన్‌లు ఉంటే ఎవరిని పిలిచారో తేలదు, అందుకే వాళ్లు సొంత పేరే చెబుతారు.

ఆ పేరుకు ‘సన్’ ఎవరు తగిలిస్తున్నారో సంభాషణలో మళ్లీ చూడండి. లిన్ ‘కిరన్ సన్’ అంటుంది, కిరణ్ మాత్రం తనను ‘కిరన్’ అనే చెప్పుకుంటాడు. ‘సన్’ను మన ‘గారు’ అనుకోండి. ‘నేను కిరణ్‌గారిని’ అని ఎవరైనా అంటే నవ్వమా? కొత్తవాళ్లలో కొందరు జపనీస్‌లో ఆ పని చేస్తూనే ఉంటారు.

‘అనత’ కథ దీనికి తలకిందులు. పుస్తకంలో దాని అర్థం ‘మీరు’ అని ఉంటుంది. తెలుగులో ‘మీరు’ మర్యాద కాబట్టి ‘అనత నొ నమయె వ?’ అంటే సరిపోతుందనుకుంటాం. వినేవాళ్లకు అది కాస్త ముఖాన వేలు పెట్టి అడిగినట్టుంటుంది. పేరు తెలిస్తే పేరుకు ‘సన్’ చేర్చి పిలుస్తారు, తెలియకపోతే ‘ఒనమయె వ?’ అని ఊరుకుంటారు. ‘వతషి వ’ కూడా ఇంతే. పై సంభాషణలో కిరణ్ దాన్ని ఒక్కసారీ వాడలేదు. ‘ఇండియా నుంచి వచ్చాను’లో మనం ‘నేను’ ఎలా వదిలేస్తామో ‘ఇందొ కర కిమష్త’లోనూ అలాగే వదిలేస్తారు. ఆ రెండు వాక్యాల్లో మాట పక్కన మాట అదే వరుసలో కూర్చుంది. మనసులో ముందు ఇంగ్లిష్ వాక్యం కట్టుకునేవాళ్లే ప్రతిదానికీ ‘వతషి వ’ పెడతారు. లిన్ చివర్లో ‘వతషి మొ’ అన్నదంటే అక్కడ ‘నాకూ’ అని చెప్పాల్సిన అవసరం ఉంది కాబట్టి.

‘యొరొషికు ఒనెగై షిమస్’కు తెలుగులో సరిపడే మాట లేదు. కలిసి ఉండబోతున్నాం, నన్ను కాస్త కనిపెట్టుకుని ఉండండి అని ముందుగా అడగడం అది. అవతలివాళ్లు అన్నాక మనం అదే మాట అనవచ్చు, ‘కొచిర కొసొ’ చేర్చితే ఇంకా బాగుంటుంది. ‘సో దెస్ క’ దగ్గర మాత్రం స్వరం జాగ్రత్త. చివరన గొంతు దించితే అది మన ‘అలాగా’. పైకి లేపితే ‘నిజంగానా?’ అని అనుమానించినట్టు వినిపిస్తుంది. మిరపకాయల గురించి చెప్పినవాణ్ని అనుమానించడం బాగుండదు.

దీన్ని వర్క్‌షీట్‌గా మార్చేటప్పుడు మొత్తం అచ్చువేసి ఇస్తే పిల్లలు కాగితం చదువుతారు తప్ప మాట్లాడరు. మొదటి విడతలో పూర్తి సంభాషణ ఇచ్చి రెండుసార్లు చదివించండి, పాత్రలు మార్చి. రెండో విడతలో ఇలా ఖాళీలతో ఇవ్వండి:

హజిమెమష్తె. ______ దెస్. ______ కర కిమష్త.
______ సన్, ______ నొ దొచిర దెస్ క?
______ వ నని గ యూమే దెస్ క?
______ గ యూమే దెస్.
సో దెస్ క. ______________.

చివరి ఖాళీయే అసలు పరీక్ష. అది ముందుగా నింపుకోవడం కుదరదు, అవతలి మనిషి ఏం చెప్పాడో వింటేనే నిండుతుంది. మూడో విడతలో కాగితం తీసేసి చేతికి నాలుగు మాటల చీటీ ఇవ్వండి: పేరు, దేశం, ఊరు, ఊరి ప్రత్యేకత. జత మారాలి, విడతకు రెండు నిమిషాలు చాలు. పక్కన కూర్చున్న మూడో మనిషి మూడే మూడు గమనించాలి. సొంత పేరుకు ‘సన్’ తగిలించాడా, ‘కొకొ’ను సాగదీశాడా, జవాబు విన్నాక ఏదైనా ఒక మాట అని తర్వాతి ప్రశ్నకు వెళ్లాడా, వినకుండానే దూకాడా. ఎక్కువమంది తప్పేది మూడోదాంట్లోనే. ఎదుటివాళ్లు ‘మిరపకాయలకు పేరు’ అన్నా, ‘మా ఊళ్లో భూకంపం వచ్చింది’ అన్నా ఒకే ముఖంతో తర్వాతి ప్రశ్న అడిగేస్తారు.

వంగడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. మాట పూర్తిచేసి, ఆ తర్వాత వంగాలి. క్లాస్‌మేట్ దగ్గర 15 డిగ్రీలు వంగితే చాలు, ఇంటర్వ్యూలో 30. మాట్లాడుతూ వంగితే గొంతు నేలకు పోతుంది.

ఈ సంభాషణే ఇంటర్వ్యూ గదిలోకి వెళ్తే మారేవి మూడు నాలుగు చోట్లే. ‘కిరన్ దెస్’ బదులు ఇంటిపేరుతో కలిపి ‘పసుపురేతి కిరన్ తొ మోషిమస్’. ‘కిమష్త’ బదులు ‘మైరిమష్త’. చివర ‘యొరొషికు ఒనెగై ఇతషిమస్’. ‘కిరన్ తొ యొందె కుదసై’ను మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి. తనను ఎలా పిలవాలో అడగకుండానే చెప్పడం పక్క సీటు దగ్గర చనువు, బల్లకు అవతల కూర్చున్న పెద్దవాళ్ల ముందు తొందరపాటు.