ఫొటోలో ఆకు పసుపుగా కనబడగానే యూరియా చల్లకండి

సాగర్ ఎడమ కాల్వ కింద మేళ్లచెరువు చుట్టుపక్కల వరి నాట్లు పూర్తయి పైరు పిలక దశలోకి వస్తోంది. ఇప్పుడు చాలామంది రైతులు వారానికోసారి ఆకు ఫొటో తీసి, పాత ఫొటో పక్కన పెట్టి చూసుకుంటున్నారు. మంచి అలవాటే. కాకపోతే రెండు ఫొటోల్లో తేడా పైరులో వచ్చిందా, ఫొటోలో వచ్చిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. నాటిన 20వ రోజు పొద్దున తొమ్మిదింటికి తీసిన ఫొటోలో ఆకు నిండు ఆకుపచ్చగా ఉంది. 28వ రోజు సాయంత్రం పొద్దు వాలాక తీసిన దాంట్లో పసుపు తిరిగినట్టు కనిపించింది. రైతు యూరియా బస్తా విప్పబోయాడు. నిజానికి సాయంత్రపు ఎండే పసుపుగా ఉంటుంది, అది పడిన ప్రతిదానికీ ఆ రంగు అంటుకుంటుంది. పైగా ఫోన్ కెమెరా వెలుతురును బట్టి తనంతట తాను రంగులు సర్దేస్తుంది. అందుకే ఆకు కింద ఒక తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయాలి. రెండు ఫొటోల్లోనూ కాగితం ఒకే తెలుపులో ఉంటేనే ఆకుల రంగు పోల్చాలి. ఒకదాంట్లో కాగితం పసుపుగా ఉందంటే ఆ ఫొటోను పక్కన పెట్టేయండి. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య, ఎండకు వీపు పెట్టి, ఆకు మీద మీ నీడ పడేలా నిలబడి తీయండి. ఫ్లాష్, ఫిల్టర్ వద్దు. రోడ్డు పక్క మళ్లలో ఆకు మీద సిమెంటు దుమ్ము పేరుకుంటే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, తడి గుడ్డతో తుడిచి తీయండి.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది. 20వ రోజు ఫొటో తీసిన ఆకునే వెతికి పట్టుకుని మళ్లీ తీస్తే తప్పు లెక్క వస్తుంది. వరిలో సుమారు వారానికో కొత్త ఆకు వస్తుంది. అప్పటి పై ఆకు ఇప్పుడు కిందికి పోతుంది, దానిలోని నత్రజని కొత్త ఆకుకు తరలిపోతుంది. కాబట్టి అది కొంత పాలిపోవడం సహజం. రంగు కోసమైతే ప్రతిసారీ పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకునే ఎంచుకోవాలి. అది కొత్త ఆకు అయినా ఫరవాలేదు. ఒక్క ఆకుతో తేల్చకుండా మడిలో అక్కడక్కడా పది దుబ్బులు చూడండి.

మచ్చల కోసమైతే లెక్క తిరగబడుతుంది. అప్పుడు అదే ఆకు కావాలి. కాడకు ఎర్ర దారం కట్టి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నాలుగైదు రోజుల తర్వాత మచ్చ సాగి కండె ఆకారంలో మధ్య బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు ఉంటే అగ్గి తెగులుగా అనుమానించాలి. సాంబమసూరి వేసినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ మచ్చలున్న మడిలో యూరియా ఆపండి.

పసుపు అంతా నత్రజని లోపం కూడా కాదు. నత్రజని తగ్గితే ముదురాకులు కొసనుంచి పసుపు పడతాయి, పైరంతా పాలిపోతుంది. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పైనుంచి మూడు, నాలుగో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఆకు మొదట్లో నడి ఈనె పాలిపోయి, పైరు గిడసబారితే అది జింకు లోపం. మన సున్నపురాయి నేలల్లో జింకు ఉన్నా వేరుకు అందదు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. పురుగుమందుతో కలపొద్దు. కొత్త ఆకు మచ్చ లేకుండా వచ్చిందా అన్నదే తర్వాతి ఫొటోలో చూడాలి. పాత మచ్చలు పోవు.

ముదురు పచ్చ ఆకును చూసి మురిసిపోవడం కూడా పొరపాటే. నత్రజని ఎక్కువైన పైరే నల్లపచ్చగా మెత్తబడి అగ్గి తెగులుకూ, సుడిదోమకూ లోనవుతుంది. దోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, ఆకు ఫొటోలో కనబడదు. వంగి చూడక తప్పదు.

ఫొటోలో అనుమానం వస్తే పొలంలోనే తేల్చుకోవడానికి వరి ఆకు రంగుల పట్టీ ఉంది. ఆకు నడిమి భాగాన్ని పట్టీ మీద ఆనించి చూడాలి. పదింట ఆరు ఆకులు మీ రకానికి చెప్పిన గడికంటే లేతగా ఉంటేనే ఎకరాకు అర బస్తా, అంటే సుమారు 22 కిలోల యూరియా చల్లండి. ఏ గడి చూడాలో, పట్టీ ఎక్కడ దొరుకుతుందో గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ వ్యవసాయ విస్తరణ అధికారినో అడగండి. వెళ్లేటప్పుడు తెల్ల కాగితంతో తీసిన రెండు ఫొటోలూ, దుబ్బు ఒకటి వేళ్లతో సహా తీసుకెళ్లండి.